రోడ్డు అవతల బోరులో నీళ్లెందుకున్నాయి?

ఫిబ్రవరి పుట్టగానే బడుల్లో సైన్స్ దినోత్సవం పనులు మొదలవుతాయి. 1928 ఫిబ్రవరి 28న సి.వి.రామన్ తన పేరు మీద నిలిచిపోయిన ఫలితాన్ని కనుగొన్నారు. ఆ గుర్తుగా 1987 నుంచి దేశమంతా ఈ రోజు జరుపుకుంటున్నాం. చార్టులు, థర్మాకోల్ నమూనాలు, వ్యాసరచన పోటీలు ఎటూ ఉంటాయి. అదృష్టం బాగుంటే ఒక శాస్త్రవేత్త కూడా వస్తారు. వచ్చినవారిని పిల్లలకు పరిచయం చేసే బాధ్యత సైన్స్ టీచరు మీద పడుతుంది. నేను ఇరవై రెండేళ్లుగా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఆ పరిచయం ఎలా చేయాలో మాత్రం ఈ మధ్యనే తెలుసుకున్నాను.

కొన్నేళ్ల కిందట మేం ఒక పెద్దాయనను పిలిచాం. ఆయన పంపిన బయోడేటా రెండు పేజీలు. గౌరవం తగ్గకూడదని అందులో ఒక్క ముక్క వదలకుండా చదివాను. ఎక్కడ ఏ డిగ్రీ, ఏ సంస్థలో ఏ హోదా, ఎన్ని పరిశోధన పత్రాలు, ఏ ఏడు ఏ అవార్డు అన్నీ చదివాను. పదకొండు నిమిషాలు పట్టింది. ముందు వరుసలో కూర్చున్న ఆరో తరగతి పిల్లలు తలలు వంచుకొని ఇసుకలో వేళ్లతో గీతలు గీస్తున్నారు. తర్వాత ఆయన చక్కగా మాట్లాడారు. చివర్లో ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా?’ అని అడిగితే ఒకే ఒక్క చెయ్యి లేచింది. ‘సార్, మీ జీతం ఎంత?’

అప్పుడు ఆ పిల్లవాడిని కసిరాం. తర్వాత ఆలోచిస్తే వాడిది తప్పే కాదనిపించింది. నేను పదకొండు నిమిషాలు చెప్పింది ఆయన ఎంత పెద్దవారన్న సంగతే. వాడు అడిగిందీ అదే. ఆయన పొద్దున లేచి ఏం పని చేస్తారో, ఏ సంగతి తెలియక తల పట్టుకుంటారో నేను ఒక్క మాటైనా చెప్పలేదు. చెప్పని దాని గురించి పిల్లలు ఏమని అడుగుతారు?

అందుకే మొన్నటి సైన్స్ దినోత్సవానికి హైదరాబాద్ నుంచి భూగర్భ జలాల మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త వస్తామన్నప్పుడు, ఆ మేడంకు వారం ముందే ఫోన్ చేశాను. బయోడేటా వద్దని చెప్పి మూడు సంగతులు అడిగాను. పొలానికి వెళ్లినప్పుడు మీ చేతులతో చేసే పని ఏమిటి? మీ పనిలో మీరు పొరబడిన సందర్భం ఏదైనా ఉందా? మీరు సంచిలో వేసుకొని తేగలిగిన వస్తువు ఏమైనా ఉందా?

మొదటి దానికి ఆమె చెప్పిన జవాబు నేను కాగితం మీద రాసుకున్నాను. నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరుసలో నేలలోకి దిగగొడతారు. చివరి రెండు కడ్డీల గుండా కరెంటు పంపి, నడుమ ఉన్న రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. తడిగా ఉన్న మొరంలో కరెంటు సులువుగా పోతుంది. పగుళ్లు లేని గ్రానైట్ బండలో దాదాపు పోదు. కడ్డీల మధ్య దూరం పెంచుతూ పోతే ఇంకా లోతున ఉన్న సంగతి తెలుస్తుంది. అంటే తవ్వకుండానే కింద మెత్తటి పొర ఎంత మందం ఉందో, గట్టి బండ ఎక్కడ మొదలవుతుందో చెప్పవచ్చు. ‘అయితే సార్, రెండు వందల అడుగుల కింద బెత్తెడు వెడల్పున్న పగులు ఉంటే మా యంత్రానికి చాలాసార్లు దొరకదు. నేను చూపించిన చోట బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాని సందర్భాలున్నాయి. ఆ రైతు ముఖం ఇంకా గుర్తుంది’ అన్నారామె. రెండో ప్రశ్నకు జవాబు కూడా అందులోనే వచ్చేసింది.

ఇక భాష. ఆమె పని పేరు కాగితం మీద ‘హార్డ్ రాక్ అక్విఫర్ క్యారెక్టరైజేషన్’ అని ఉంటుంది. ఇది ఆరో తరగతి పిల్లల ముందు పెట్టే మాట కాదు. దీన్ని తెలుగు చేసి ‘కఠిన శిలా జలాశ్రయ లక్షణ నిర్ధారణ’ అంటే మరీ అన్యాయం. ఇంగ్లిష్‌లో అర్థం కానిది సంస్కృతంలోనూ అర్థం కాకుండా పోతుంది. అమెరికా నటుడు అలన్ ఆల్డా పదకొండేళ్ల వయసులో మంట అంటే ఏమిటని టీచరును అడిగితే ‘ఆక్సిడేషన్’ అని ఒక్క మాటలో జవాబు వచ్చిందట. పిల్లవాడు అడిగింది మంట గురించి. దొరికింది దానికి ఇంకో పేరు. ఆయన ఆ సంగతి మరిచిపోక 2012లో అదే ప్రశ్నను శాస్త్రవేత్తల ముందు పెట్టి, జవాబులకు మార్కులు వేసే పని పదకొండేళ్ల పిల్లలకే అప్పగించారు. నేనూ తరగతిలో ఎన్నిసార్లు పేరు చెప్పి అదే జవాబనుకున్నానో లెక్కలేదు.

సరే, తేలిక మాటల్లో రాద్దామని కూర్చున్నాను. మొదట రాసుకున్న వాక్యం ఇది: ‘వీరు భూమి లోపల పారే నదులను వెతుకుతారు.’ వినడానికి బాగుంది, పిల్లలకు బొమ్మ కడుతుంది. పరిచయం మొత్తం ఫోన్‌లో మేడంకు చదివి వినిపించాను. ఈ పని తప్పకుండా చేయాలి. ఆ వాక్యం దగ్గర ఆమె ఆపేశారు. ‘సార్, మన గ్రానైట్ నేలల్లో కింద నదులేమీ లేవు. ఆ ఒక్క మాటతోనే జనం అప్పులపాలవుతున్నారు. కింద నది ఉందంటే ఇంకో నూరు అడుగులు దింపితే తగులుతుందని అనుకుంటారు కదా’ అన్నారు.

మాట తేలికైతే సరిపోదని నాకు ఆ పూట తెలిసింది. తేలికగా ఉన్న అబద్ధం కష్టంగా ఉన్న నిజం కంటే ఎక్కువ కాలం బతుకుతుంది, ఎందుకంటే పిల్లలు దాన్ని ఇంటికి తీసుకెళ్తారు. మన దగ్గర అసలు సంగతి ఇలా ఉంటుంది. పైన కొంత మట్టి, దాని కింద లక్షల ఏళ్లుగా వానకూ ఎండకూ పుచ్చిపోయి పొడిబారిన రాయి. దాన్నే మనం మొరం అంటాం. అది సాధారణంగా పదీ ఇరవై మీటర్ల మందం ఉంటుంది. వాన నీటిని పట్టి దాచుకునేది ముఖ్యంగా ఈ పొరే. దాని కింద పగుళ్లు వారిన బండ. బోరులోకి నీళ్లు ఈ పగుళ్ల గుండా వస్తాయి. ఇంకా కిందికి పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఆపైన నిండు బండే. హైదరాబాద్ దగ్గరి మహేశ్వరంలో ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఏళ్ల తరబడి కొలిచి చూసింది ఈ పొరల సంగతే. కాబట్టి నా వాక్యం ‘రాయిలో నీళ్లు వెతుకుతారు’ అని మారింది. నది కంటే చిన్న మాట, నిజమైన మాట. పైగా రాయిలో నీళ్లేమిటని పిల్లలు తల ఎత్తుతారు.

ఇక ప్రశ్న ఒక్కటే ఉండాలని ముందే అనుకున్నాను. రెండడిగితే పిల్లలు తేలికైనది పట్టుకొని రెండోది వదిలేస్తారు. ఆ ఒక్కటి ఏదన్నదే తేలలేదు. నా నోటుపుస్తకంలో కొట్టేసిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ‘నీటి ప్రాధాన్యం ఏమిటి?’ అని అడిగితే వ్యాసం వస్తుంది, ఆలోచన రాదు. ‘భూమిలో ఎన్ని నీళ్లున్నాయి?’ అంటే జవాబు ఒక అంకె, తెలిసినవాడు చెప్పేస్తాడు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. ‘కొబ్బరికాయ అరచేతిలో నిలబడితే నీళ్లున్నట్టేనా?’ అన్నది చాలాసేపు నన్ను ఊరించింది. పిల్లలందరికీ తెలిసిన దృశ్యం, గోల పుడుతుంది. కానీ ఆ బళ్లో సగం మంది తండ్రులు అలా చూపించే బోరు వేశారు. మొదటి మాటతోనే నాన్నకు తెలివి లేదని తేల్చే సభలో పిల్లవాడు నోరు విప్పడు. అది వాళ్లంతట వాళ్లే అడిగితే అడగనీ అని కొట్టేశాను.

రామన్ కథ నాకు ఇక్కడ సాయపడింది. 1921లో ఆయన ఓడలో వస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూశారు. ఆకాశం రంగు నీళ్లలో ప్రతిఫలించడం వల్లే సముద్రం నీలమని అప్పటికి పెద్దవాళ్లు ఒప్పుకున్న మాట. ఆయన తన దగ్గరున్న నికోల్ పట్టకం కంటికి అడ్డం పెట్టుకొని పైనుంచి ప్రతిఫలించే వెలుగును తీసేసి చూశారు. నీలం పోలేదు. అందరికీ కనిపిస్తున్నదీ, అందరూ జవాబు తెలుసనుకుంటున్నదీ, కళ్లతో పరీక్షించి చూడగలిగినదీ ఆ ప్రశ్న. 1968లో అహ్మదాబాద్‌లో మాట్లాడినప్పుడు కూడా ఆయన ఎత్తుకున్నది ఆకాశం నీలంగా ఎందుకుందన్న ప్రశ్ననే. మా ఊళ్లో అలాంటిది ఏముంది?

ఉంది. రోజూ చూస్తున్నాం. మా బడి బోరు ఎండిపోయి మూడేళ్లు. మధ్యాహ్న భోజనం గిన్నెలు కడగడానికి నీళ్లు రోడ్డు అవతలి పొలం బోరు నుంచి తెచ్చుకుంటున్నాం. ఆ ప్రశ్నను ముందు ఏడో తరగతి పిల్లలు ఇద్దరి మీద ప్రయోగించి చూశాను. ఇద్దరూ వెంటనే జవాబు చెప్పారు, ఒకరి జవాబు ఇంకొకరు ఒప్పుకోలేదు, వాదన పెట్టుకున్నారు. నాకు కావలసింది అదే. ప్రతి పిల్లకూ సొంత ఊహ ఉండాలి, ఆ ఊహలు ఒకదానితో ఒకటి తగువుపడాలి, తీర్పు పుస్తకంలో దొరకకూడదు, వచ్చిన మనిషి పని అక్కడికే దారి తీయాలి.

ఆ రోజు నేను చెప్పిన పరిచయం ఇంతే:

‘పిల్లలూ! ఈ రోజు మనతో కూర్చున్న మేడం హైదరాబాద్ నుంచి వచ్చారు. వీరి పని ఏమిటో తెలుసా? రాయిలో నీళ్లు వెతకడం. నాలుగు ఇనుప కడ్డీలు తీసుకొని పొలాలకు వెళ్తారు. వాటిని వరుసగా నేలలో దిగగొట్టి, కరెంటు పంపి, లోపల రాయి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తగా తడిగా ఉందో పైనుంచే కనిపెడతారు. అన్నిసార్లూ దొరకవు. ఒక్కోసారి వీరు చూపించిన చోట కూడా దుమ్మే వచ్చింది. ఇప్పుడు మీకో ప్రశ్న. మన బడి బోరు 320 అడుగులు. నీళ్లు లేవు. రోడ్డు అవతల బోరు 180 అడుగులే. మే నెలలో కూడా పోస్తుంది. రెండింటి మధ్యా నూరడుగులు లేదు. మరి లోపల ఏముంది?’

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె హోదా, అవార్డులు అందులో లేవు. వాటిని చివర్లో, శాలువా కప్పేటప్పుడు చెప్పాను. అప్పటికి అవి ఎవరివో పిల్లలకు తెలుసు కాబట్టి విన్నారు.

ప్రశ్న వేశాక చాలా కష్టమైన పని నోరు మూసుకోవడం. మౌనం పది సెకన్లు దాటితే టీచరుకు ప్రాణం నిలవదు. సూచన ఇవ్వాలనిపిస్తుంది, పక్కనున్న పెద్దలకు జవాబు చెప్పేయాలనిపిస్తుంది. వేదిక మీద ఉన్నవాళ్లందరికీ ముందే చెప్పి పెట్టాను, ఎవరూ జవాబు చెప్పొద్దని, తల కూడా ఊపొద్దని. మెల్లగా చేతులు లేచాయి. ‘అక్కడ చెరువు దగ్గర సార్.’ ‘మన కింద బండ ఉంది సార్, బండల నీళ్లుండయి.’ ‘వాళ్ల బోరు ముందు వేసిన్రు, మన నీళ్లు కూడా గుంజుకుంటున్నది.’ వెనక వరుసలో ఒక ఏడో తరగతి పిల్ల లేచి ‘లోపల గోడ ఉంది సార్’ అంది. అందరూ నవ్వారు. పిల్ల కూర్చుండిపోయింది. నేను నవ్వలేదు. నాలుగూ బోర్డు మీద రాశాను. ‘గోడ’ అని కూడా రాశాను. ఏది ఒప్పో ఏది తప్పో చెప్పకుండా మైకు మేడం చేతికిచ్చి కిందికి దిగాను.

ఆమె సంచిలోంచి పిడికెడు మొరం, ఒక గ్రానైట్ ముక్క తీసి బల్ల మీద పెట్టారు. రెండింటి మీదా గ్లాసుతో నీళ్లు పోశారు. రాయి మీద పోసినవి జారి బల్ల మీదికి వచ్చాయి. మొరం మీద పోసినవి లోపలికి ఇంకిపోయాయి. తర్వాత ఆమె బోర్డు దగ్గరికి వెళ్లి ఒక్కో జవాబునూ పట్టుకున్నారు. చెరువు దగ్గరుంటే నీరు ఇంకడం నిజమే, కానీ నూరడుగుల దూరంలో ఉన్న రెండు బోర్ల మధ్య ఇంత తేడా దానివల్ల రాదు. గుంజుకుంటున్నదన్న మాటలో సగం నిజముంది. మోటారు నడిచేటప్పుడు బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది. పక్క బోరు ఆ గరాటు అంచులో ఉంటే దానికి అందదు. ఇక బండ.

‘మీ బోర్లను చూడకుండా నేనేం చెప్పను. కానీ ఒక సంగతి కనుక్కోగలరా? ఒక్కో బోరులో కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దింపారు?’ అని అడిగారు.

బోరు వేసేటప్పుడు పైనున్న మెత్తటి పొర విరిగి లోపలికి జారకుండా పైపు దింపుతారు. గట్టి బండ తగిలాక పైపు అక్కర్లేదు. కాబట్టి కేసింగ్ ఎన్ని అడుగులో, మెత్తటి మొరం పొర మందం ఉజ్జాయింపుగా అంత. ఈ లెక్క ఏ ప్రయోగశాలలోనూ దొరకదు, రైతుల నోట దొరుకుతుంది. పైపుకు అడుగుకింతని డబ్బు కట్టారు కాబట్టి ఎవరూ మరిచిపోరు. తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి ‘ఆ అవతలి బోరు మాదే మేడం. మూడు పైపులు దిగినయ్. అరవై అడుగులు. మా నాయన పైసలు తక్కువై అప్పు తెచ్చిండు, యాదికున్నది’ అన్నాడు. హెడ్మాస్టరు గారు ఆఫీసులో పాత బిల్లు తీయించారు. మా బడి బోరుకు ఒక్కటే పైపు, 20 అడుగులు. మిగిలిన 300 అడుగులూ బండే. అవతల నీళ్లు దాచుకునే పొర మనకంటే మూడింతలు మందం. మనం డబ్బు పోసింది నీళ్లు దాచలేని రాయిని ఇంకా లోతుగా తొలవడానికి.

కొబ్బరికాయ ప్రశ్న కూడా వచ్చింది, నేను అనుకున్నట్టే, పిల్లల నోటి నుంచే. మేడం ఎవరినీ చిన్నబుచ్చలేదు. ‘నీళ్లు పడిన బోర్లు మాత్రమే మనం గుర్తుపెట్టుకుంటాం. కొబ్బరికాయ చూపించిన చోటల్లా ఎన్ని పడ్డాయి, ఎన్ని పడలేదు, రెండూ రాయండి. నా కడ్డీలకు కూడా అలాగే రాయండి’ అన్నారు. ఆ రోజు ప్రశ్నలు గంటన్నర సాగాయి. జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు.

సోమవారం నుంచి పిల్లలు చీటీలు తేవడం మొదలుపెట్టారు. ఒక్కో చీటీ మీద ఎవరి పొలం, బోరు ఎన్ని అడుగులు, కేసింగ్ ఎన్ని పైపులు, వేసవిలో పోస్తుందా ఆగుతుందా అని ఉంది. పది రోజుల్లో 37 చీటీలొచ్చాయి. బడి ఆవరణలో సుద్దతో ఊరి పటం గీసి, నీళ్లున్న బోరు దగ్గర చింతగింజ, ఎండిన బోరు దగ్గర గులకరాయి పెట్టాం. ఎక్కువ పైపులు దిగిన చోట చింతగింజలే ఎక్కువ. కానీ ఊరికి తూర్పున ఒక చోట లెక్క కుదరలేదు. ఆ వరుసలో అన్ని బోర్లకూ రెండేసి పైపులే. ఒక పక్కన అన్నీ చింతగింజలు, ఇంకో పక్కన అన్నీ గులకరాళ్లు. మధ్యలో గీత గీసినట్టుంది. ఆ గీత వెంట ఏముందని అడిగితే ‘నల్లరాళ్ల గుట్ట సార్, పొడుగ్గా పోతది’ అన్నారు.

పటం ఫొటో తీసి మేడంకు పంపాను. సాయంత్రం ఫోన్ చేశారు. గ్రానైట్‌లో ఎప్పుడో పడిన పొడవాటి పగులులోకి కింది నుంచి కరిగిన రాయి ఎగదన్ని గడ్డకడితే అలాంటి నల్లటి వరుసలు ఏర్పడతాయి, వాటిని డైక్ అంటారు అని చెప్పారు. పైకి కనిపించేది గుట్ట, లోపలికి నిలువుగా దిగి ఉంటుంది. కొన్ని డైకులు పగిలిపోయి నీళ్లను వదిలేస్తాయి. కొన్ని నీటిని ఒక పక్కన ఆపేస్తాయి. మీ ఊళ్లోది ఏ రకమో కొలవందే చెప్పలేను, వానలు పడకముందే కడ్డీలు తీసుకొని వస్తాను అన్నారు.

ఫోన్ పెట్టేసే ముందు అడిగారు: ‘సార్, లోపల గోడ ఉందన్న పిల్ల ఏ తరగతి? ఆ రోజు తనను మాతో గుట్ట దగ్గరికి తీసుకురండి.’